“చూస్తున్నాం అండి” రిప్లై తీసేశాక ఏమైంది: మా పచ్చళ్ళ షాపు సపోర్ట్ కేస్ స్టడీ

మాది విజయవాడ దగ్గర ఇంట్లో మొదలైన పచ్చళ్ళ వ్యాపారం. పచ్చడి వదిన పెడుతుంది, సరుకు కొనడం, ప్యాకింగ్ అన్నయ్య చూస్తాడు, కస్టమర్లతో మాట్లాడే పని నాది, నాతో పాటు ఇద్దరు అమ్మాయిలు. ఆర్డర్లు చాలావరకు మా వెబ్‌సైట్ నుంచే వస్తాయి, కానీ ప్రశ్నలు, కంప్లైంట్లు మాత్రం అన్నీ ఒకే ఒక్క నంబర్‌కి, చాట్ అయినా కాల్ అయినా. మామూలు రోజుల్లో ముగ్గురం హాయిగా సరిపోతాం. ఆవకాయ సీజన్ అంటే ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా రోజుకి నూట పది దాకా చాట్లు, నలభై దాకా కాల్స్ వస్తాయి, అప్పుడే అసలు కథంతా.

అంతకుముందు సీజన్‌లో రిప్లైలు లేటుగా ఇస్తున్నామని చాలామంది తిట్టారు, అందుకని ఈసారి ముందే ప్లాన్ చేసుకున్నాం. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసి ఉంచుకునే టెంప్లేట్లు పెట్టుకున్నాం (యాభై దాకా పెట్టుకోనిస్తుంది, మేము పెట్టింది ఇరవై రెండు), ఒకే నంబర్‌ని ఫోన్‌తో పాటు రెండు ల్యాప్‌టాప్‌లకి లింక్ చేశాం, ఒక టార్గెట్ రాసి గోడకి అంటించాం: ఉదయం 9 నుంచి రాత్రి 8 దాకా ఏ మెసేజ్‌కైనా 15 నిమిషాల్లో రిప్లై వెళ్ళాలి. రెండు వారాల్లో టార్గెట్ అందుకున్నాం కూడా. నాకు చాలా సంతోషంగా అనిపించింది. కానీ కంప్లైంట్లు తగ్గలేదు, ఇంకా పెరిగాయి, ఎందుకో అప్పుడు నాకు అస్సలు అర్థం కాలేదు.

అర్థమయ్యింది హనుమకొండ ఆవిడ వల్ల. ఆవిడ ఆదివారం రెండు కేజీల ఆవకాయ ఆర్డర్ పెట్టారు, సోమవారం ప్యాక్ చేసి కొరియర్‌కి ఇచ్చేశాం. మంగళవారం ఉదయం 10:40కి మెసేజ్, పార్సిల్ ఎక్కడుందండీ, శుక్రవారం రాత్రి మా అమ్మాయి అమెరికా వెళ్తోంది అని. 10:46కి మా దగ్గర పనిచేసే అమ్మాయి టెంప్లేట్ పంపింది, “మీ మెసేజ్ అందిందండి, చూస్తున్నాం, త్వరలో అప్‌డేట్ ఇస్తాం” అని. మధ్యాహ్నం 3:10కి మళ్ళీ అడిగారు, ఈసారి ఇంకో అమ్మాయి డ్యూటీలో ఉంది, అదే టెంప్లేట్ పంపింది. బుధవారం 9:15కి మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే. ఒంటిగంటకి ఫోన్ చేస్తే నేనే ఎత్తాను, ఇంతకుముందు ఏం జరిగిందో నాకు తెలీదు, “కనుక్కుని చెప్తానమ్మా” అన్నాను, ఆ తర్వాత వరసగా కాల్స్ వచ్చి ఆ సంగతే మర్చిపోయాను. బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకి ఆవిడ వాయిస్ మెసేజ్ పెట్టారు, కోపంగా కూడా లేదు, నీరసంగా ఉంది గొంతు. “నాలుగు సార్లు అడిగాను తల్లీ, నాలుగు సార్లూ చూస్తున్నాం అన్నారు, అసలు ఎవరు చూస్తున్నారు?”

ఎవరూ చూడట్లేదు. ఇదే నిజం. ప్రతి రిప్లై 15 నిమిషాల్లోపే వెళ్ళింది, మా లెక్కలో ఆ చాట్ మొత్తం సరిగ్గానే ఉంది, కానీ కొరియర్ వాళ్ళకి ఒక్క ఫోన్ కూడా ఎవరూ చెయ్యలేదు. గురువారం పొద్దున్నే నేను ఫోన్ చేస్తే పార్సిల్ హైదరాబాద్‌లో వేరే ఊరి సంచిలో పడిందని, శనివారం లోపు గ్యారంటీ ఇవ్వలేమని చెప్పారు. వెంటనే కొత్తగా రెండు కేజీలు ప్యాక్ చేసి మధ్యాహ్నం ఆర్టీసీ కార్గోలో వేశాం, శుక్రవారం పొద్దున ఆవిడే బస్టాండ్‌కి వెళ్ళి తెచ్చుకున్నారు. అమ్మాయి సూట్‌కేసులోకి చేరింది. మంగళవారమే చెయ్యాల్సిన ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆవిడకి మూడు రోజుల టెన్షన్ ఉండేదే కాదు, ఇది నన్ను చాలా బాధపెట్టింది, ఆవిడ గొంతు ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఆదివారం కూర్చుని అంతకు ముందు మూడు రోజుల చాట్లన్నీ ఒక్కొక్కటిగా చదివాను, మొత్తం 286. ఒక్కటే లెక్కపెట్టాను, మేము అసలు సమాధానం ఇచ్చేలోపు కస్టమర్ మళ్ళీ అడిగారా లేదా. 118 చాట్లలో మళ్ళీ అడిగారు, కొందరు మూడేసి సార్లు. అంటే మా నూట పది చాట్లలో కొంత భాగం మేమే తయారు చేసుకుంటున్నాం, “చూస్తున్నాం” అని పంపిన ప్రతిసారీ ఇంకో మెసేజ్ రప్పించుకుంటున్నాం, ఆ మెసేజ్‌లకి 15 నిమిషాల్లో రిప్లై ఇవ్వాలని పరుగెత్తడంలో కొరియర్‌కి ఫోన్ చేసే టైమ్ ఉండట్లేదు. అమ్మాయిల తప్పు కాదు ఇది, గోడ మీద నేను రాసిందే వాళ్ళు చేశారు.

చదువుతుంటే ఇంకో సంగతి బయటపడింది. అసలు ఏ రిప్లైయే వెళ్ళని చాట్లు పదకొండు కనిపించాయి, ఎలా మిస్ అయ్యాయా అని చూస్తే ఒక ల్యాప్‌టాప్‌లో చాట్ ఓపెన్ చేస్తే మిగతా అన్నిట్లో కూడా చదివినట్టే అయిపోతుంది, ఆకుపచ్చ చుక్క పోతుంది. ఒకమ్మాయి ఓపెన్ చేసింది, అంతలో ఫోన్ మోగింది, అటు వెళ్ళింది, ఇక ఆ చాట్ ఎవరికీ కనపడదు, కస్టమర్‌కి మాత్రం నీలం టిక్కులు పడతాయి, చదివి కూడా పట్టించుకోలేదు అనుకుంటారు. ఒకే నంబర్‌ని ఇద్దరు ముగ్గురు వాడేవాళ్ళందరికీ ఈ ప్రాబ్లం ఉంటుంది, ఒకసారి మీ చాట్లు కిందిదాకా జరిపి చూసుకోండి. మేము పెట్టుకున్న రూల్ చిన్నది, ఓపెన్ చేసిన వెంటనే రిప్లై ఇవ్వలేకపోతే “అన్‌రెడ్” అని మార్క్ చేసి వదలాలి, లేదా మన పేరున్న లేబుల్ తగిలించాలి. లేబుల్ ఉందంటే అది ఆ మనిషి చాట్, ఇంకొకళ్ళు ముట్టుకోరు.

ఇప్పుడు అసలు మార్పు దగ్గరికి వస్తాను. టార్గెట్‌ని రెండు ముక్కలు చేశాం. మొదటి రిప్లై 15 నిమిషాల నుంచి 30 నిమిషాలకి పెంచాం, అవును పెంచాం, అన్నయ్యకి ఇది అస్సలు నచ్చలేదు. కానీ ఆ మొదటి రిప్లైలో మూడు ఉండాలి: మేము ఇప్పుడు ఏం చేస్తాం, మళ్ళీ ఎన్ని గంటలకి చెప్తాం, ఎవరు చెప్తారు. రెండో టార్గెట్ ఆ చెప్పిన టైమ్. సమాధానం దొరికినా దొరక్కపోయినా ఆ టైమ్‌కి మెసేజ్ వెళ్ళి తీరాలి. కొరియర్ వాళ్ళు ఫోన్ ఎత్తకపోతే “రెండు సార్లు చేశానండి, ఎత్తలేదు, మళ్ళీ 5 గంటలకి చేసి చెప్తాను” అని పంపినా సరే. మేము కనిపెట్టింది ఏంటంటే జనానికి లేటు కంటే తెలియకపోవడమే ఎక్కువ కష్టం, టైమ్ చెప్తే ఆ టైమ్ దాకా చాలామంది మళ్ళీ అడగరు.

టెంప్లేట్లు కూడా ఇదే లెక్కన మార్చాం. ఇరవై రెండులో పద్నాలుగు తీసేశాం. మిగిలినవాటిలో ఖాళీలు పెట్టాం, ఖాళీ నింపకుండా పంపితే చూసినవాళ్ళకి తెలిసిపోయేలా గీతలు. పార్సిల్ ఎక్కడుంది అనేదానికి ఇప్పుడున్నది ఇది:

“____ గారూ, మీ పార్సిల్ ఇప్పుడు ____ లో ఉన్నట్టు చూపిస్తోంది. నేను కొరియర్ ఆఫీసుకి ఫోన్ చేసి ____ గంటలకల్లా మీకు చెప్తాను. ఏ రోజులోపు మీకు తప్పనిసరిగా కావాలో చెప్పండి. – ____”

“ఏ రోజులోపు కావాలి” అనే ప్రశ్న హనుమకొండ ఆవిడ తర్వాత చేర్చాం. నూటికి తొంభై మందికి ఒకరోజు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. మిగతా పది మందికి ఫ్లైట్ ఉంటుంది, పెళ్ళి ఉంటుంది, ఊరు వెళ్తూ ఉంటారు. ఆ పది మందిని ముందు పట్టుకుంటే సగం గొడవలు రావు. రెండో ఖాళీ నింపాలంటే ట్రాకింగ్ తెరిచి చూడాల్సిందే, చూడకుండా ఈ టెంప్లేట్ పంపడం కుదరదు, టెంప్లేట్ మంచిదా కాదా అని నేను ఇప్పుడు చూసేది ఇదొక్కటే, పని చెయ్యకుండా పంపగలిగితే అది తీసెయ్యాలి.

లీకేజీ సంగతి వేరు. ఆవకాయ డబ్బాల్లో నూనె పైకి తేలి ఉంటుంది, పార్సిల్ తలకిందులైతే మూత దగ్గర సీల్ సరిగ్గా అతుక్కోనివి కారతాయి. కస్టమర్ కోపంలో ముందు డబ్బా కడిగేసి, అట్టపెట్టె బయట పారేసి, తర్వాత మనకి మెసేజ్ పెడతారు. అప్పుడు ఫోటో అడిగితే నమ్మట్లేదా అని ఇంకా కోపం. అందుకని ఈ టెంప్లేట్‌లో వరస మార్చాం, ముందు “కొత్తది పంపిస్తామండి” అని చెప్పి, ఆ తర్వాతే “వీలైతే పెట్టె బయట, మూత దగ్గర ఒక్కో ఫోటో పంపండి, సీల్ ఎక్కడ ఊడిందో ప్యాకింగ్ వాళ్ళకి చూపించాలి” అని అడుగుతాం. ఫోటో ఉన్నా లేకపోయినా కొత్తది వెళ్తుంది. ఇలా అడిగితే ఇంతకుముందు కంటే ఎక్కువ మందే ఫోటోలు పంపారు. ఆ ఫోటోలు వరసగా పెట్టి చూస్తే ఎక్కువ భాగం అరకేజీ డబ్బాలే, అవి ఒకే రోజు సీల్ చేసినవి, మిషన్ వేడి తక్కువ పెట్టారు ఆరోజు. అన్నయ్య అది సరిచేశాక లీకేజీ మెసేజ్‌లు రోజుకి ఒకటో రెండో.

కానీ “కొత్తది పంపిస్తాం” అని ఆ అమ్మాయి అక్కడికక్కడే చెప్పగలగాలి కదా. ముందు అన్నయ్యని అడిగేవాళ్ళు, అన్నయ్య మార్కెట్‌లో ఉండేవాడు, సాయంత్రానికి దొరికేవాడు. అందుకని చాట్‌లో ఉన్న మనిషి ఎవరినీ అడక్కుండా 600 రూపాయల దాకా కొత్త డబ్బా గానీ రీఫండ్ గానీ ఇచ్చెయ్యొచ్చు అని రాసి పెట్టుకున్నాం. దుర్వినియోగం అవుతుందని అన్నయ్య భయపడ్డాడు. సీజన్ మొత్తంలో నాకు అనుమానం వచ్చినవి నాలుగు, వాటి మీద పోయిన డబ్బు మా ఒక్క ఆదివారం పెట్రోలు ఖర్చంత. ఈ అధికారం ఇవ్వకుండా రెస్పాన్స్ టైమ్ టార్గెట్ పెడితే వాళ్ళ దగ్గర ఇవ్వడానికి “చూస్తున్నాం” తప్ప ఇంకేం ఉండదు.

డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్ కన్ఫర్మ్ కాలేదు అనేవి రోజుకి నాలుగైదు. ఇందులో యూపీఐ రిఫరెన్స్ నంబర్ అడుగుతాం, 12 అంకెలు ఉంటుంది, అది మా పేమెంట్ గేట్‌వేలో వెతికితే మాకు వచ్చిందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. వచ్చి ఉంటే ఆర్డర్ మేమే పెట్టేస్తాం. రాకపోతే, షాపుకి కట్టిన యూపీఐ పేమెంట్ మధ్యలో ఆగితే 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలని, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 రూల్ ఉంది, అది మామూలు మాటల్లో రాసి పంపుతాం. “మీ బ్యాంకుని అడగండి” అని ఊరికే వదిలేస్తే ఎవరికైనా మండుతుంది, ఏ తేదీ దాకా ఆగాలో లెక్కకట్టి ఆ తేదీ రాస్తే అర్థం చేసుకుంటారు, ఆ తేదీ మర్నాడు మేమే మెసేజ్ పెట్టి వచ్చిందా అని అడుగుతాం.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడానికి గూగుల్ షీట్ ఒకటి. పెద్దదేం కాదు, వచ్చిన టైమ్, కస్టమర్ నంబర్ చివరి నాలుగు అంకెలు, ఆర్డర్ నంబర్, విషయం, ఎవరి పని, చెప్పిన టైమ్, ముగిసిన టైమ్. అక్కడికక్కడే తేలిపోయే ప్రశ్నలు ఇందులో రాయం, రేటెంత, ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది లాంటివి, అవి కూడా రాయాలని మొదట పెట్టాను, రెండు రోజుల్లో షీట్ నింపడమే పెద్ద పనైపోయింది. మళ్ళీ చెప్పాల్సింది ఉంటేనే లైన్. చివరి కాలమ్‌లో ఈ ఫార్ములా, ఎఫ్ లో చెప్పిన టైమ్, జీ లో ముగిసిన టైమ్:

```
=IF(F2="","",IF(AND(G2="",NOW()>F2),"లేట్",""))
```

ఎఫ్ లో టైమ్ ఒక్కటే రాస్తే పని చెయ్యదు, తేదీతో కలిపి రాయాలి, లేకపోతే అన్నీ ఎప్పుడూ లేటే చూపిస్తుంది, మొదటి రోజు మాకు అదే అయ్యింది. ఇంకోటి, ఎవరూ ఏమీ టైప్ చెయ్యకపోతే షీట్ టైమ్‌ని కొత్తగా లెక్కపెట్టదు, సెట్టింగ్స్‌లో కాలిక్యులేషన్ దగ్గర ప్రతి నిమిషానికి అని మార్చుకోవాలి. లేట్ అన్న గడి ఎర్రగా మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టి, ఆఫీసు టీవీలో ఆ షీట్ పెట్టేశాం, లేట్ అని ఎర్రగా కనపడితే ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు అందుకుంటారు. కొత్తగా టైమ్ ఇవ్వాల్సి వస్తే ముందు కస్టమర్‌కి మెసేజ్ వెళ్ళాకే ఎఫ్ మార్చాలి, ఇది మాత్రం నేను గట్టిగా పట్టుకున్నాను, ఎందుకంటే షీట్‌లో టైమ్ జరిపేసి ఎరుపు పోగొట్టడం చాలా ఈజీ.

సగటు రెస్పాన్స్ టైమ్ చూడటం కూడా మానేశాను. యాభై మందికి రెండేసి నిమిషాల్లో రేటు చెప్పి, ఒకాయన్ని ఒక పూటంతా వదిలేసినా సగటు బాగానే వస్తుంది. దాని బదులు రోజూ రాత్రి ఆరోజు బాగా లేటైన ఐదు చాట్లు తీసి ముగ్గురం కలిసి చదువుతాం, పది నిమిషాలు.

ఫోన్ దగ్గరకొస్తే, టెంప్లేట్ అక్కడ పనికిరాదు. మొదట ఒక స్క్రిప్ట్ రాసిచ్చాను, ఆ అమ్మాయి చదువుతుంటే పక్కనుంచి విన్నాను, కస్టమర్ మధ్యలో ఏదో అంటున్నా ఈ అమ్మాయి లైన్ పూర్తి చేస్తోంది. ఆ కాగితం తీసేసి ఫోన్ పక్కన చిన్న చీటీ అంటించాం, మూడే మాటలు, ఆర్డర్ నంబర్, ఏం జరిగింది, ఎప్పుడు చెప్తాం. ఎలా మాట్లాడాలో వాళ్ళిష్టం. కాల్ అయ్యాక మాత్రం వాట్సాప్‌లో ఒక లైన్ తప్పనిసరి, “ఇందాక ఫోన్‌లో అనుకున్నట్టు రేపు మధ్యాహ్నం 12 కల్లా కొత్త డబ్బా కొరియర్‌కి ఇచ్చి నంబర్ పంపిస్తామండి” అని. దీనివల్ల రెండు లాభాలు, కస్టమర్ దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది, మన చాట్‌లో కూడా ఉంటుంది కాబట్టి తర్వాత ఎవరు ఎత్తినా కథ మొదటినుంచి అడగక్కర్లేదు. నేను హనుమకొండ ఆవిడ కాల్ మర్చిపోవడం లాంటిది మళ్ళీ జరగకుండా ఆపింది ఇదే. మిస్డ్ కాల్స్‌కి 30 నిమిషాల్లో తిరిగి చేస్తాం, అలా చేసేటప్పుడు ముందు ఆ నంబర్‌తో చాట్ ఉందేమో చూస్తాం, చాలాసార్లు అక్కడే విషయం ఉంటుంది.

ఇంత చేసినా ఎక్కువ మెసేజ్‌లు తగ్గింది ఒక్క వాక్యం వల్ల. మా ట్రాకింగ్ మెసేజ్ సాయంత్రం ఆరుకి వెళ్ళేది, కొరియర్ వాళ్ళు రాత్రికి సెంటర్‌కి తీసుకెళ్ళి స్కాన్ చేస్తే గానీ ఆ నంబర్ వాళ్ళ సైట్‌లో కనిపించదు. జనం ఆరింటికే లింక్ నొక్కుతారు, అలాంటి నంబర్ లేదు అని వస్తుంది, మోసమేమో అని భయపడి మెసేజ్ పెడతారు. రోజూ రాత్రి ఏడు నుంచి తొమ్మిది మధ్య మాకు రద్దీ ఎందుకుంటుందా అనుకునేదాన్ని, సగం ఇదే. ట్రాకింగ్ మెసేజ్ చివర “ఈ నంబర్ రేపు ఉదయం 10 తర్వాత పనిచేస్తుంది, అప్పటిదాకా సైట్‌లో కనిపించకపోయినా కంగారు పడకండి” అని చేర్చాం. ఆ వారమే తేడా తెలిసింది.

ఐదు వారాల తర్వాత మళ్ళీ మూడు రోజుల చాట్లు చదివాను, ఈసారి 203, మళ్ళీ అడిగినవాళ్ళు 26. అప్పటికి సీజన్ కాస్త తగ్గుముఖం పట్టింది కాబట్టి మొత్తం తేడా మాదే అనను, కానీ మళ్ళీ అడిగినవాళ్ళు పదిమందిలో నలుగురు ఉండేవాళ్ళు ఒకరికి తగ్గారు, అది సీజన్ వల్ల అయ్యేది కాదు. మొదటి రిప్లై సగటున ముందుకంటే తొమ్మిది నిమిషాలు లేటుగా వెళ్తోంది, దాని గురించి ఒక్కరూ కంప్లైంట్ చెయ్యలేదు.

కుదరనివి కూడా ఉన్నాయి. రుచి మీద కంప్లైంట్‌కి టెంప్లేట్ ఎన్నిసార్లు రాసినా బెడిసికొట్టింది. ఉప్పెక్కువైంది, ముక్క మెత్తబడింది, పోయినేడాది లాగా లేదు అంటారు, దానికి మనం ఏ మర్యాద వాక్యం పంపినా తేలిగ్గా తీసుకున్నట్టే ఉంటుంది. ఇప్పుడు వాటికి రిప్లైలో “పచ్చడి పెట్టిన ఆవిడే మీకు ఫోన్ చేస్తారు, రేపు ఏ టైమ్ వీలవుతుంది” అని అడుగుతాం, వదిన మధ్యాహ్నం మూడింటికి కూర్చుని వరసగా చేస్తుంది. “ఆవపిండి ఘాటు తగ్గాలంటే ఇంకో పది రోజులు ఊరనివ్వండమ్మా, మధ్యలో ఒకసారి అడుగునుంచి కలపండి” అని వదిన చెప్తే వింటారు, అదే మాట మేము టైప్ చేస్తే వినరు. కానీ వదిన రోజుకి ఎనిమిది కాల్స్ కంటే ఎక్కువ చెయ్యలేదు, కాయ కోసే రోజుల్లో అవీ కుదరవు, అప్పుడు ఈ లైన్లు షీట్‌లో రెండు మూడు రోజులు ఎర్రగానే ఉంటాయి.

ఇంకోటి చట్టం వైపు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకి 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం కంప్లైంట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మా టార్గెట్లు దానికంటే చాలా ముందే ఉన్నాయి, కానీ ఈమెయిల్‌కి వచ్చినవి నెల రోజులు ఎవరూ తెరవలేదని ఆగస్టులో చూశాం, ఆరు ఉన్నాయి. ఒకాయన అప్పటికే 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసేశారు. ఆరుగురికీ నేనే ఫోన్ చేసి డబ్బు వెనక్కిచ్చాను. ఇప్పుడు పొద్దున షట్టర్ తీసే మనిషి ముందు మెయిల్ తెరిచి, ఏమైనా ఉంటే షీట్‌లో లైన్ రాసి, ఆ తర్వాతే వాట్సాప్ ఓపెన్ చెయ్యాలి.

ఎవరైనా ఇలాంటి సైజు టీమ్‌తో మొదలుపెట్టాలనుకుంటే ముందు మూడు రోజుల చాట్లు చదివి మళ్ళీ అడిగినవాళ్ళని లెక్కపెట్టండి, టెంప్లేట్లు ఆ తర్వాత రాయండి. మాకు వచ్చే సీజన్‌కి ఇంకా తేలనిది ఒకటుంది, అమెరికా కస్టమర్లు. వాళ్ళ సాయంత్రం మనకి తెల్లవారుజాము, రాత్రి వచ్చినవన్నీ ఉదయం 9కి ఒకేసారి మీద పడతాయి. ఒకమ్మాయి 6:30కే ఇంటినుంచి లాగిన్ అయ్యి మధ్యాహ్నం రెండున్నరకి దిగేలా జనవరి నుంచి చేసి చూద్దామనుకుంటున్నాం, ఆ అమ్మాయి సరేనంది, వాళ్ళింట్లో నెట్ మాత్రం మేము పెట్టించాలి.